లైవ్‌లో పాట లేకపోతే బోసిపోతుందా? కొత్త స్ట్రీమర్‌కి ఆట, చాట్, కాపీరైట్ లెక్కలు

మా పిన్ని కొడుకు పోయిన వేసవి సెలవుల్లో గేమింగ్ చానల్ మొదలుపెట్టాడు. మొదటి లైవ్‌కి పద్నాలుగు మంది వచ్చారు. అందులో సగం చుట్టాలే. కార్ల రేసింగ్ ఆట పెట్టి, వెనక ఓ కొత్త సినిమా పాట వదిలాడు. నలభై నిమిషాలు గడిచాక తెర మీద ఏదో హెచ్చరిక వచ్చింది. అదేంటో చదివేలోపే లైవ్ ఆగిపోయింది. అసలు పాట ఎందుకు పెట్టావురా అని అడిగితే వాడు చెప్పిన జవాబు నాకు బాగా గుర్తుండిపోయింది: "రేసు నడుస్తున్నప్పుడు నేను మాట్లాడలేను అన్నయ్యా. చాట్‌లో కూడా ఎవరూ ఏమీ రాయట్లేదు. మరీ బోసిగా ఉంది. ఏదో ఒక సౌండ్ ఉండాలిగా."

కొత్తగా లైవ్ మొదలుపెట్టేవాళ్ళలో చాలామందికి కాపీరైట్ సమస్య ఇలాగే మొదలవుతుంది. పాట మీద ఇష్టంతో కాదు, నిశ్శబ్దం మీద భయంతో. అందుకే ఏ ఆట ఆడాలి, ఏ సంగీతం వాడాలి అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలని నేను అనుకోను. చాట్ నోరు విప్పే ఆట దొరికితే పాట అవసరమే చాలావరకు తీరిపోతుంది. ముందు పాట సంగతి చూసి, తర్వాత ఆటకి వద్దాం.

## ఒక్క పాటలో ఎన్ని హక్కులు

మనం "పాట" అని ఒక్క మాటలో అనేస్తాం కానీ, భారత కాపీరైట్ చట్టం (1957) లెక్కలో అందులో కనీసం మూడు వస్తువులున్నాయి. సాహిత్యం ఒకటి, బాణీ ఒకటి, ఆ రెండింటినీ కలిపి స్టూడియోలో పట్టిన రికార్డింగ్ మరొకటి. మూడింటికీ యజమానులు వేర్వేరుగా ఉండొచ్చు. సినిమా పాటల విషయంలో రికార్డింగ్ హక్కు మామూలుగా ఆడియో కంపెనీ చేతిలో ఉంటుంది.

ఈ తేడా తెలిస్తే ఒక పెద్ద అపోహ తొలగిపోతుంది. చాట్‌లో ఎవరో "సినిమా పాటలు వద్దులే అన్నా, త్యాగరాజ కీర్తన పెట్టు, దానికి కాపీరైట్ ఉండదు" అన్నారనుకోండి. సగం నిజం. త్యాగరాజు 1847లో కన్నుమూశారు. ఆయన సాహిత్యం, బాణీ ఎవరైనా పాడుకోవచ్చు. కానీ మీరు ప్లే చేసేది త్యాగరాజు పాడింది కాదు కదా. ఎవరో విద్వాంసురాలు పాడితే ఏదో కంపెనీ విడుదల చేసిన రికార్డింగ్ అది. మన దేశంలో రికార్డింగ్‌కి, అది విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. మీరే గొంతు విప్పి కీర్తన పాడితే ఇబ్బంది లేదు, ఇంకొకరు పాడిన ఆడియో పెడితే ఉంది.

అలాగే "పది సెకన్ల లోపు అయితే పర్వాలేదు" అనే మాట. అలాంటి నియమం చట్టంలో ఎక్కడా లేదు. విమర్శ, సమీక్ష, వార్తలు చెప్పడం లాంటి కొన్ని అవసరాలకి చట్టంలోని 52వ సెక్షన్ వెసులుబాటు ఇస్తుంది. ఆట ఆడుతూ వెనక పాట పెట్టుకోవడం అందులోకి రాదు. మీరు నెలనెలా డబ్బు కట్టే మ్యూజిక్ యాప్ కూడా సొంతంగా వినడానికే. దాన్ని లైవ్‌లో పదిమందికి వినిపించే హక్కు ఆ చందాతో రాదు.

## క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు

ఈ రెండు మాటల్నీ ఒకటిగా వాడేయడం వల్లే ఎక్కువ గందరగోళం. యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ అనే వ్యవస్థ ఉంది. హక్కుదారులు తమ పాటల్ని ముందే అక్కడ అప్పగిస్తారు. మీ వీడియోలో శబ్దం దానితో పోలితే యంత్రమే "క్లెయిమ్" వేస్తుంది. అప్పుడు మూడిట్లో ఒకటి జరుగుతుంది: ఆ వీడియోని ఆపేస్తారు, లేదా దాని మీద వచ్చే ప్రకటనల డబ్బు వాళ్ళు తీసుకుంటారు, లేదా ఊరికే ఎంతమంది చూస్తున్నారో గమనిస్తారు. ఏది చేయాలో పాట యజమాని ఇష్టం. దెబ్బ ఆ వీడియో వరకే. చానల్ మీద మచ్చ పడదు.

స్ట్రైక్ అలా కాదు. హక్కుదారు చట్టప్రకారం "ఈ వీడియో తీసేయండి" అని కోరితే వచ్చేది అది. 90 రోజుల్లోపు మూడు స్ట్రైకులు పడితే చానల్‌నే మూసేసే పరిస్థితి వస్తుంది.

లైవ్‌కి అదనంగా ఇంకో చిక్కుంది. మామూలు వీడియో అయితే ఎక్కించాక, పబ్లిక్ చేయకముందే క్లెయిమ్ కనిపిస్తుంది, సరిచేసుకోవచ్చు. లైవ్‌ని నడుస్తుండగానే పరిశీలిస్తారు. పోలిక దొరికితే మీ దృశ్యం బదులు ఒక నిశ్చల చిత్రం వచ్చి, ఆ శబ్దం ఆపమని హెచ్చరిక వస్తుంది. ఆపితే లైవ్ కొనసాగుతుంది. ఆపకపోతే మధ్యలో తెగిపోవచ్చు. అక్కడితో అయిపోలేదు. లైవ్ ముగిశాక దాచిన వీడియోని మళ్ళీ పరిశీలిస్తారు. లైవ్‌లో ఏమీ కాలేదు కదా అని ఊపిరి పీల్చుకున్నవాళ్ళకి కాసేపటి తర్వాత క్లెయిమ్ కనిపించేది అందుకే.

ట్విచ్‌లో తీరు కొంచెం వేరు. అక్కడ దాచిన వీడియోలో పాట ఉన్న భాగాన్ని మ్యూట్ చేసేస్తారు. పైగా కంప్యూటర్ నుంచి లైవ్ పంపడానికి వాడే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్‌లో లైవ్‌కి ఒక ఆడియో, దాచే వీడియోకి పాట లేని మరో ఆడియో పంపే సదుపాయం ట్విచ్ కోసం ఉంది. తెలుగులో కొందరు ఈ చిట్కా చూసి యూట్యూబ్‌కీ పనిచేస్తుందనుకుంటున్నారు. పనిచేయదు. యూట్యూబ్‌కి మీరు లైవ్‌లో ఏ శబ్దం పంపితే, తర్వాత మిగిలేదీ అదే. ట్విచ్‌లో కూడా ఈ ఏర్పాటు మ్యూట్ పడకుండా చూస్తుందే తప్ప, పాట వాడుకునే అనుమతి ఇవ్వదు.

## "నాకేం డబ్బు రావట్లేదుగా" అనే వాదన

ఇది తేలిగ్గా కొట్టిపారేయాల్సిన వాదన కాదు. కొత్త చానల్‌కి ప్రకటనల ఆదాయం రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ లాంటి షరతులు దాటాలి. అప్పటిదాకా క్లెయిమ్ వేసి డబ్బు తీసుకున్నా, మనకి పోయేది సున్నా. చాలా కంపెనీలు వీడియోని ఆపకుండా డబ్బు మాత్రమే తీసుకుంటాయి కూడా. పాటకి ప్రచారం దొరుకుతుంది, మనకి సందడి దొరుకుతుంది, ఎవరికీ నష్టం లేదుగా అంటారు.

పాట రాసినవాళ్ళ వైపు నుంచి చూస్తే ఇంకోలా ఉంటుంది. 2012లో చట్టాన్ని సవరించి, సినిమా పాటల రచయితలకి, సంగీత దర్శకులకి రాయల్టీలో వాటా పోగొట్టుకోకుండా రక్షణ ఇచ్చారు. పాట వాడిన ప్రతిచోటా లెక్క ఉండాలన్నది దాని వెనక ఆలోచన. చిన్న చానలా పెద్ద చానలా అని చూస్తే ఆ లెక్క తెగిపోతుంది.

నా మటుకు నాకు రెండో వైపే మొగ్గు, అదీ ఆచరణలో కనిపించే కారణంతో. డబ్బు మాత్రమే తీసుకునే యజమాని రేపు తన పద్ధతి మార్చుకుని ఆపేయవచ్చు. అప్పుడు మీ పాత వీడియోలన్నీ ఒకేసారి మాయమవుతాయి. క్లెయిమ్ వేయకుండా ఊరుకున్నారంటే అనుమతి ఇచ్చారని కాదు.

పాట కావాల్సిందే అనిపిస్తే యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచిత సంగీతం ఉంది. లైవ్‌ల కోసమే తయారైన స్ట్రీమ్‌బీట్స్ లాంటి సేకరణలున్నాయి. "నో కాపీరైట్" అని పేరు పెట్టుకున్న పాటలకి కూడా కాపీరైట్ ఉంటుందని మరిచిపోకండి. కొన్ని షరతులతో వాడుకోనిస్తారు, అంతే. చాలా వాటికి పాట పేరు, కళాకారుడి పేరు వివరణలో రాయాలి.

## ఆటలోనే పాట దాగి ఉంటే

ఆట తయారుచేసిన కంపెనీ "మా ఆటని లైవ్‌లో ఆడుకోండి" అని అనుమతి ఇస్తుంది. చాలా కంపెనీలు ఇస్తాయి, అది వాళ్ళకి ప్రచారం. కానీ ఆటలో వినిపించే పాట ఇంకొకరి దగ్గర అద్దెకి తెచ్చిందైతే? దాన్ని ఆటలో పెట్టుకునే హక్కు కంపెనీకి ఉంది, మనకి లైవ్‌లో వినిపించే హక్కుని అది ఇవ్వలేదు.

జీటీఏ 5 ఇందుకు మంచి ఉదాహరణ. అందులో కారెక్కితే రేడియో మోగుతుంది, అందులో నిజమైన కళాకారుల పాటలుంటాయి. అర నిమిషం డ్రైవింగ్‌తో క్లెయిమ్ పడే అవకాశం ఉంది. రేడియో ఆపేస్తే సమస్య పోతుంది. సైబర్‌పంక్ 2077 వచ్చినప్పుడు ఇలాంటి పాటల్ని తీసేసే సెట్టింగ్‌ని దానిలోనే పెట్టారు. ఫోర్ట్‌నైట్‌లోనూ లైసెన్స్ ఉన్న ఆడియోని మ్యూట్ చేసే సెట్టింగ్ ఉంది. అందువల్ల ఏ ఆటయినా మొదటిసారి లైవ్‌కి తెస్తున్నప్పుడు ఆడియో సెట్టింగ్స్‌లో `Streamer Mode`, `Licensed Audio` లాంటి మాటల కోసం వెతకండి. కనపడకపోతే సంగీతం స్థాయిని సున్నాకి తెచ్చి, అడుగుల చప్పుడు, ఇంజిన్ మోత లాంటి శబ్దాల్ని మాత్రం ఉంచండి.

డ్యాన్స్ ఆటలు, లయ ఆటలు మాత్రం వేరే. వాటిలో పాటే ఆట. మ్యూట్ చేస్తే ఏమీ మిగలదు. మొదటి నెలల్లో వాటి జోలికి పోకపోవడమే మేలు.

## చాట్‌కి పనికొచ్చే ఆటంటే ఏమిటి

"చాట్ సందడిగా ఉండే ఆట చెప్పండి" అంటే జనం ఆటల పేర్లు చెప్తారు. పేరు కంటే ముందు చూడాల్సింది ఆలస్యం. మీరు మౌస్ కదిపిన క్షణానికి, చూసేవాళ్ళ ఫోన్లో అది కనిపించే క్షణానికి మధ్య తేడా ఉంటుంది. యూట్యూబ్‌లో దీన్ని ఎంచుకోవచ్చు. మామూలు పద్ధతిలో ఇరవై సెకన్లు దాటినా ఆశ్చర్యం లేదు. `Low latency` పెడితే చాలామందికి పది సెకన్ల లోపు, `Ultra low latency` పెడితే ఐదు సెకన్ల లోపు చేరుతుంది. తక్కువ పెట్టేకొద్దీ, నెట్ కొంచెం తడబడినా చూసేవాళ్ళకి వీడియో ఆగి తిరగడం ఎక్కువవుతుంది.

ఇప్పుడు ఒక షూటింగ్ ఆట ఊహించండి. మీ వెనక శత్రువు వచ్చాడు. చూసేవాడికి అది ఎనిమిది సెకన్ల తర్వాత కనిపిస్తుంది. "అన్నా వెనక!" అని టైప్ చేయడానికి మూడు సెకన్లు. అది మీరు చదివేసరికి ఆట ముగిసి పదకొండు సెకన్లయింది. రెండు మూడు సార్లు ఇలా అయ్యాక చాట్ రాయడం మానేస్తుంది. మా తమ్ముడి రేసింగ్ ఆటలో జరిగింది కూడా ఇదే. చూసేవాళ్ళు మొహమాటంతో ఊరుకోలేదు. వాళ్ళు ఏం రాసినా ఆటలో ఏమీ మారదని వాళ్ళకి అర్థమైపోయింది.

బీజీఎంఐ లాంటి ఆటలే ఆడాలనుకుంటే, చాట్‌ని కాల్పుల మధ్యకి లాగకండి. విమానంలోంచి ఎక్కడ దిగాలన్నది ఆట మొదలవకముందే చాట్‌లో పోల్ పెట్టి తేల్చండి. ఆలస్యం ఎంతున్నా ఆ ఓటు పనికొస్తుంది. చదరంగంలో ఎత్తుకి ఎత్తుకి మధ్య నిమిషం దొరుకుతుంది కాబట్టి చాట్‌కి చోటుంటుంది. లీచెస్ అనే చదరంగం సైటు ఉచితం, అందులో వెనక సంగీతమూ ఉండదు. జియోగెస్సర్‌లో ఏదో దేశపు రోడ్డు చూపించి ఎక్కడున్నామో ఊహించాలి. కరెంటు స్తంభాలు, బోర్డుల మీద లిపి, ఇళ్ళ కప్పులు చూసి ఒక్కొక్కరూ ఒక్కో వాదన పెడతారు. టైమ్ పరిమితి తీసేసి ఆడితే ఆలస్యం పట్టనే పట్టదు.

ఈ ఆటలన్నిట్లో ఒకటి గమనించండి. తీరుబడి ఉంది కాబట్టి చాట్ మాట్లాడుతుంది, చాట్ మాట్లాడుతుంది కాబట్టి మీరు జవాబు చెప్తూనే ఉంటారు. పాటకి చోటే మిగలదు. పాట పెడితే పైగా మాట వినిపించదు.

## బొమ్మ గీసే ఆట, కొంచెం దగ్గరగా

తెలుగు చాట్‌తో నాకు బాగా నచ్చింది skribbl.io. బ్రౌజర్‌లో నడుస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, వెనక పాట లేదు. ఒకరు బొమ్మ గీస్తే మిగతావాళ్ళు పదం ఊహిస్తారు. ప్రైవేట్ గదిలో మన సొంత పదాలు ఇచ్చుకోవచ్చు, కనీసం పది, కామాలతో వేరుచేసి:

```
gongura, charminar, golconda, gangireddu, muggu, bonam, palle velugu, avakaya, kolatam, bindi, pesarattu
```

తెలుగు లిపిలో కాకుండా ఇలా ఎందుకు రాశానంటే, ఊహించేటప్పుడు తెర మీద అక్షరాల గీతలు కనిపిస్తాయి. మనం "గోంగూర"ని మూడక్షరాలు అనుకుంటాం. కంప్యూటర్ దృష్టిలో ఒత్తులూ గుణింతాలూ సున్నాలూ విడివిడిగా ఉంటాయి కాబట్టి అవే ఆరు. అక్కడ లెక్క తప్పుతుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే ఆ గొడవ లేదు కానీ ఇంకోటుంది: ఒకరు avakaya అంటే ఇంకొకరు aavakaya అంటారు. ఒక్క అక్షరం తేడా అయితే దగ్గరగా ఉన్నావని ఆటే చెప్తుంది. రెండు మూడు రకాలుగా రాసే పదాలు మాత్రం జాబితాలోంచి తీసేయండి.

ఇక్కడా ఆలస్యం లెక్క వేయాలి. ఒక్కో బొమ్మకి మామూలుగా 80 సెకన్లు. మీ లైవ్ 25 సెకన్లు వెనక ఉందనుకోండి. మీరు మొదటి గీత గీసిన 25 సెకన్లకి చూసేవాళ్ళకి అది కనిపిస్తుంది. టైమ్ అయిపోయే క్షణానికి వాళ్ళు చూసింది మొదటి 55 సెకన్ల బొమ్మే. గంగిరెద్దుకి కొమ్ములు, కాళ్ళు వచ్చుంటాయి, దాన్ని గుర్తుపట్టించే రంగుల గుడ్డ మాత్రం ఇంకా వాళ్ళ దాకా రాలేదు. అదే ఐదు సెకన్ల ఆలస్యమైతే 75 సెకన్ల బొమ్మ చూస్తారు. కనుక `Ultra low latency` పెట్టి, బొమ్మ సమయాన్ని 120 సెకన్లకి పెంచితే చాట్ ఊహలకి అర్థముంటుంది.

గది లింకు అందరికీ ఇవ్వాలా అన్నది మరో సందేహం. ఇస్తే చూసేవాళ్ళే గీస్తారు, సందడి ఎక్కువ. కానీ మూడో బొమ్మకే ఎవరో ఒకరు వచ్చి బూతు బొమ్మ వేస్తారు, అది మీ చానల్లో మీ పేరు మీద వెళ్తుంది. నేనైతే మొదటి నెలలో గదిలోకి నలుగురైదుగురు తెలిసినవాళ్ళనే పిలిచి, మిగతావాళ్ళని చాట్‌లో ఊహించమంటాను. చాట్‌లో ముందు సరిగ్గా చెప్పినవాళ్ళ పేరు గట్టిగా చదివి మార్కు వేస్తే చాలు, ఆటలో పాల్గొన్నట్టే ఉంటుంది వాళ్ళకి.

## ఆలస్యం ఎక్కువ ఉండాల్సిన ఆటలు

అమాంగ్ అస్ లాంటి రహస్యం దాచే ఆటల్లో ఈ లెక్క తలకిందులవుతుంది. ఎవరు దొంగో మీ తెర మీద కనిపిస్తుంది. ఆడేవాళ్ళలో ఒకరు పక్క ఫోన్లో మీ లైవ్ చూస్తే ఆట అయిపోయినట్టే. అందుకని కొందరు ఓబీఎస్‌లో `Stream Delay` పెట్టి కావాలనే ఆలస్యం పెంచుతారు. అప్పుడు చాట్‌తో సంభాషణ కుంటుపడుతుంది. ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోవాలి. నమ్మకమైన స్నేహితులతో ఆడితే ఆలస్యం అక్కర్లేదు, కొత్తవాళ్ళతో ఆడితే కావాలి.

## తెలియకుండా లోపలికొచ్చే పాట

అన్నీ సరిగ్గా పెట్టుకున్నా క్లెయిమ్ పడిందంటే, ఎక్కువసార్లు కారణం ఓబీఎస్‌లో `Desktop Audio`. కంప్యూటర్లో మోగే ప్రతిదీ అది లాగేస్తుంది: ఎవరో పంపిన వాట్సాప్ వీడియో, వేరే ట్యాబ్‌లో తెరుచుకున్న ట్రైలర్, డిస్కార్డ్‌లో మాట్లాడే స్నేహితుడి ఇంట్లో టీవీ. విండోస్‌లో అయితే దాన్ని తీసేసి `Application Audio Capture` పెట్టి, ఆట శబ్దాన్ని మాత్రం ఎంచుకోండి.

మైకు లాగేసే పాట ఇంకోటి. వినాయక చవితి రోజుల్లో వీధి చివర మండపంలో పెట్టిన పాట కిటికీలోంచి వచ్చి మైకులో పడినా కంటెంట్ ఐడీ పట్టుకోగలదు. మీరు సరదాగా ఓ సినిమా పాట కూనిరాగం తీసినా బాణీని బట్టి పోల్చే అవకాశం ఉంది. కిటికీ వేసి, మైకుకి దగ్గరగా కూర్చుని, దాని గెయిన్ తగ్గించడం కొంత పనిచేస్తుంది. ఒక చిన్న భాగంలో పాట పడిపోతే లైవ్ తర్వాత యూట్యూబ్ స్టూడియోలో ఆ ముక్క కత్తిరించొచ్చు, లేదా ఆ పాటని తుడిచేయొచ్చు. మీ సొంత గొంతుతో పాడిన కీర్తనకి ఇంకొకరి రికార్డింగ్ పేరుతో క్లెయిమ్ వస్తే వివాదం వేయండి. జవాబివ్వడానికి అవతలివాళ్ళకి 30 రోజుల గడువుంటుంది.

మా తమ్ముడు ఇప్పుడు ప్రతి కొత్త ఆటకీ ముందురోజు రాత్రి ఓ పరీక్ష లైవ్ పెడతాడు. పబ్లిక్‌గా కాదు, `Unlisted`గా. పదిహేను నిమిషాలు మాట్లాడకుండా ఆట ఒక్కటే నడుపుతాడు, మెనూ తెర, గెలిచినప్పుడు వచ్చే సంగీతం, అన్నీ వినిపించేలా. ఆపేసి పడుకుంటాడు. పొద్దున్నే లేచి స్టూడియోలో ఆ వీడియో పక్కన కాపీరైట్ అని ఏమైనా రాసుందా చూస్తాడు. ఏమీ లేకపోతే సాయంత్రం ఆడతాడు. ఉంటే ఏ నిమిషంలో ఏ శబ్దమో అక్కడే రాసుంటుంది కాబట్టి, ఆ సెట్టింగ్ వెతికి ఆపి, రాత్రికి మళ్ళీ పరీక్ష పెడతాడు.